నకిరేకల్ నిమ్మకాయ తొక్కు, ఎల్లిపాయ పోపుతో (500 గ్రాముల సీసా)

ధర ₹240. కిలో అయితే ₹460. ఈ విడత 105 సీసాలే.

మూత తీయగానే ముందు తగిలేది ఎల్లిపాయ వాసన. దాని వెనకే నిమ్మ పులుపు, తిననక్కరలేదు, వాసనకే దవడ కింద నీళ్లు ఊరతాయి. ముక్కను వేళ్ల మధ్య పట్టి నొక్కండి, తొక్కతో సహా మెత్తగా నలుగుతుంది. వేడి అన్నంలో అర చెంచా నెయ్యి, ఒక్క ముక్క, రెండు చెంచాల ఊట వేసి కలిపితే మొదటి ముద్దలో పులుపు, ఆ వెంటనే ఉప్పు, కారం. మింగాక నాలుక చివర మెంతుల చిరుచేదు కాసేపు ఉంటుంది. ఆ చేదు కావాలనే ఉంచాం. అది లేకుంటే మా అత్తమ్మ దీన్ని తొక్కు అననే అనదు.

నల్లగొండ జిల్లాలో బత్తాయి, నిమ్మ తోటల సంగతి మీకు తెలిసే ఉంటుంది. మా నకిరేకల్‌లో నిమ్మకాయలకు మార్కెటే ఉంది. పొద్దున్నే వెళ్లి కాయను చేతిలోకి తీసుకుని చూసి కొంటాం. పచ్చకాయ తొక్కుకు పనికిరాదు, చేదెక్కుతుంది. పసుపు తిరిగి, తొక్క పల్చగా, బరువుగా ఉన్నదే కావాలి. ఎండాకాలంలో రేటు మండిపోతుంది కాబట్టి ఆ నెలల్లో మేం నిమ్మ తొక్కు పెట్టం. స్టాక్ లేదని చెప్పేస్తాం.

ఈ జాడీలు జనవరి 12న కట్టాం. 40 కిలోల కాయలు కడిగి, ఒక్కొక్కటీ పొడిబట్టతో తుడిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టాం. పని మొత్తంలో విసుగొచ్చేది ఇదే, కానీ ఒక్క తడి కాయ చాలు జాడీ మొత్తం బూజు పట్టడానికి. అందులో 8 కిలోలు రసానికే పిండేశాం. మిగతావి ఎనిమిదేసి ముక్కలు కోసి, గింజలు తీసి, ఉప్పు, పసుపు, ఆ రసం పోసి వాసెన కట్టాం. రోజూ పొద్దున ఒకసారి పొడి గరిటెతో అడుగు నుంచి కలిపి మళ్లీ కట్టడం. మొదటి పది రోజులు ముక్క గట్టిగా, చేదుగా ఉంటుంది. తొందరపడి అప్పుడే కారం కలిపితే ఆ చేదు చాలా రోజులు వదలదు. మేం ఫిబ్రవరి 4న కలిపాం. మెంతులు ఎర్రగా వేయించి దంచినవి, ఆవపిండి, తొడిమలు తీసి పట్టించిన మిరపకారం. పోపు పల్లీ నూనెలో: ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, పొట్టు తీసిన ఎల్లిపాయలు. అది పూర్తిగా చల్లారాకే జాడీలో పోశాం. రంగు, వెనిగర్, నిల్వ ఉండే మందులు ఏవీ వేయలేదు.

కారం ఎంత అంటారా? కిలో కాయకు 100 గ్రాములు. మా ఇంట్లో ఇది మామూలే, కారం తక్కువ తినేవాళ్లు మాత్రం ముక్కతో కాకుండా ఊటతో మొదలుపెట్టండి. పిల్లలకు పెరుగన్నంలో చిన్న తునక చాలు. నాకైతే పొద్దున వేడి జొన్నరొట్టె మీద రాసుకుంటేనే ఇష్టం, ముద్దపప్పులోకి మా ఆయనకు.

కొనే ముందు రెండు సంగతులు. ఉప్పు కిలో కాయకు 200 గ్రాములు పడుతుంది, బీపీ ఉన్నవాళ్లు చూసుకుని తినండి. పల్లీలు, ఆవాలు పడనివాళ్లు దయచేసి తీసుకోవద్దు.

సీసా మీద జాడీ కట్టిన తేదీ, కారం కలిపిన తేదీ రెండూ నా చేతిరాతతో ఉంటాయి. పక్కనే మా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ నంబరు. కారం కలిపిన రోజు నుంచి ఆరు నెలలు బయటే ఉంచవచ్చు, తడి చెంచా పెట్టకపోతే. నూనె కిందికి దిగి ముక్క పైకి తేలితే ఒకసారి కలిపి మూత పెట్టండి. రోజులు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది, అది పాడైనట్టు కాదు.

నిరుడు ఒక పార్శిల్‌లో మూత వదులై నూనె అట్టపెట్టెంతా కారింది. పాపం, అది తెప్పించుకున్న ఆమె పక్కనే పెట్టుకున్న కొత్త చీర కూడా పాడైంది. అప్పటి నుంచి మూత కింద సీల్ వేసి, సీసాను రెండు కవర్లలో చుట్టి, చుట్టూ పాత పేపర్లు కూరి పంపుతున్నాం. అయినా కారితే పెట్టె విప్పగానే ఒక ఫోటో తీసి ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఇంకో సీసా పంపుతాం. పాతది తిరిగి పంపాల్సిన పని లేదు.

సోమ, గురువారాల్లో పార్శిల్ చేస్తాం. తెలంగాణలో ఎక్కడికైనా పంపే ఖర్చు ₹60, రెండు సీసాలు తీసుకున్నా అంతే.