చవితి చందా: మన బ్యాచ్‌కి ఒక చిన్న మాట

అందరికీ నమస్తే అప్పా. సెప్టెంబరు 14 సోమవారం వినాయక చవితి. కర్నూల్లో మన వీధి మండపం ఈసారీ తొమ్మిది రోజులు పెడుతున్నాం. 22 మంగళవారం వినాయక ఘాట్ దగ్గర కేసీ కాలువలో నిమజ్జనం. మెసేజ్ కొంచెం పొడుగే, లెక్క మొత్తం రాశాను. తీరిక ఉన్నప్పుడు చూడండి.

ఖర్చు ఇట్లా ఉంది. అయిదడుగుల మట్టి బొమ్మ 14,000. షామియానా, స్టేజీ, పైన టార్పాలిన్ 11,000. లైట్లు, మైకు సెట్టు 8,000 (డీజే లేదు, ముందే చెప్తున్నా). అయ్యవారి సంభావన 5,000. పూలకు రోజుకు 300 లెక్కన 2,700, ప్రసాదానికి రోజుకు 600 లెక్కన 5,400. 20వ తేదీ ఆదివారం మూడొందల మందికి అన్నదానం 16,500. నిమజ్జనానికి ట్రాక్టరు, డప్పులు, హమాలీలు 6,000. అంతా కలిపితే 68,600.

వీధిలో ఇళ్లవాళ్లు ఇచ్చింది, ఇస్తామన్నది కలిపి 31,000. అంగళ్లవాళ్లది 12,000. పోయినేడు మిగిలింది 9,400. అంటే 52,400 ఉంది, 16,200 తక్కువ. ఈసారి లడ్డు వేలం దుడ్లు ఇందులో కలపలేదు. పాట పాడినవాళ్లు వచ్చే చవితిలోగా ఇస్తారు కాబట్టి అది చేతికొచ్చేదాకా లేనట్టే లెక్క.

గ్రూపులో 28 మందిమి ఉన్నాం. అయిదొందలో ఆరొందలో, ఎవరికి వీలైనంత వాళ్లు వేస్తే గట్టెక్కుతాం. ఇంత అని ఏం లేదు. వంద వేసినా సంతోషమే. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, పిల్లల ఫీజులు కట్టినవాళ్లు ఉన్నారని తెలుసు, ఈసారి కుదరకపోతే ఏమీ అనుకోం. కారణం కూడా చెప్పనక్కర్లేదు. ఎవరికీ విడిగా ఫోన్ చేయం. 9వ తేదీ గ్రూపులో ఒక్కసారి గుర్తు చేస్తాం, అంతే. మండపం దగ్గర బోర్డు మీద పేర్లే రాస్తాం, పక్కన అంకెలు వేయం. లెక్కల పుస్తకం మటుకు ఎవరడిగినా చూపిస్తాం.

దుడ్లే ఇవ్వాలని కూడా లేదు. అన్నదానానికి 26 కిలోల బియ్యం బస్తా ఒకటి, పైన ఇంకో పది కిలోలు, కందిపప్పు ఆరు కిలోలు కావాలి. చిత్రాన్నం, సాంబారు, పాయసం, మజ్జిగ అనుకున్నాం. వీటిలో ఏదైనా ఒకటి మీరు తెస్తామంటే ముందే చెప్పండి, లేకుంటే ఇద్దరు ఒకటే తెస్తారు, పప్పు మాత్రం ఉండదు. ఒకరోజు ప్రసాదం మీ ఇంటి పేరుమీద పెట్టుకోవచ్చు. ఉండ్రాళ్లయినా గుగ్గిళ్లయినా సరే, రోజు చెప్తే రాసుకుంటాం. 17, 19 తేదీలు అప్పుడే అయిపోయినాయి.

బెంగళూరు, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు 13 ఆదివారం సాయంత్రం ఒక రెండు గంటలు చేయి వేస్తే అదే పెద్ద చందా. టార్పాలిన్ వదులుగా కడితే వాన నీళ్లు మధ్యలో గుంత కట్టి, ఆ బరువుకు కారి బొమ్మ మీదే పడతాయి. మట్టిది కాబట్టి రంగు పోవడమే కాదు, చెయ్యే ఊడొస్తుంది. నడుమ ఒక పొడుగు బొంగు నిలబెట్టి రెండు పక్కలా వాలుగా లాగాలి, అందుకు కనీసం ఆరుగురు కావాలి. నిమజ్జనం రోజు కూడా అంతే: ట్రాక్టర్ ట్రాలీలో ఇసుక మూటలు, వరిగడ్డి వేసి బొమ్మను కుదురుగా కూర్చోబెట్టాలి, గతుకుల్లో అదిరితే పగుళ్లొస్తాయి. పొద్దున్నే బయలుదేరదాం, ఘాట్ దగ్గర క్రేను కోసం వరసలో నిలబడి రాత్రి చేయడం కంటే అదే మేలు.

వేయాలనుకున్నవాళ్లు 10వ తేదీ గురువారంలోగా వేస్తే బాగుంటుంది. బొమ్మకు అయిదువేలు అడ్వాన్సు ఇచ్చాం, మిగతా తొమ్మిదివేలు 11న ఇచ్చి తెచ్చుకోవాలి. ఆ తర్వాత వేసినా అన్నదానానికి పనికొస్తుంది. దుడ్లు తగ్గితే మొదట డప్పులు మానేస్తాం, తర్వాత అన్నదానం రెండొందల మందికి చేస్తాం. బొమ్మ, పూజ ఆగవు, దాని గురించి ఎవరూ ఇదవ్వద్దు.

ఈ మెసేజ్ వచ్చిన నంబరుకే ఫోన్‌పే, గూగుల్‌పే రెండూ ఉన్నాయి. పంపేటప్పుడు నోట్‌లో "చవితి" అని, మీ పేరు రాయండి. ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి వేస్తే వాళ్ల పేరే కనబడుతుంది, ఎవరిదో తెలీక బోర్డు మీద రాయలేం. నేను చూసుకున్న వెంటనే మీకు విడిగా "అందింది" అని పెడతా. ఒక్కరోజులో రాకుంటే ఒక మాట అడగండి. చేతికే ఇస్తామంటే సాయంత్రం ఏడు తర్వాత మండపం స్థలం దగ్గరే ఉంటాను, రశీదు పుస్తకం నా దగ్గరే ఉంది.

20న భోజనానికి మటుకు చందాతో పనిలేకుండా అందరూ ఇంటిల్లిపాదీ రండి. పన్నెండున్నరకు మొదటి బంతి.