మన కొత్త క్వాలిటీ మేనేజర్ షేక్ పర్వీన్ గారు

అందరికీ నమస్కారం.

2025 అక్టోబర్ 6, సోమవారం నుంచి షేక్ పర్వీన్ గారు మన కంపెనీలో క్వాలిటీ మేనేజర్‌గా చేరుతున్నారు. రాప్తాడు ప్లాంటు, కళ్యాణదుర్గం గోదాము, కదిరి, ఉరవకొండ కొనుగోలు కేంద్రాలు, అనంతపురం ఆఫీసులోని ఎగుమతి విభాగం, ఎక్కడైనా సరే, సరుకు నాణ్యత మీద తుది మాట ఇకపై ఆమెదే. ల్యాబులోని ముగ్గురూ ఆమె కింద పనిచేస్తారు. ఆమె మాత్రం నేరుగా ఎండీ గారికి రిపోర్ట్ చేస్తారు. ప్లాంటు కిందో, అమ్మకాల కిందో ఈ ఉద్యోగం పెట్టకపోవడానికి కారణం ఉంది. టన్నుల లెక్క చూసేవాళ్ల కింద పనిచేసే మనిషి, లోడు కదలాల్సిన రోజున "ఆపండి" అనలేరు.

పర్వీన్ గారిది కదిరి. పులివెందులలోని ఫుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీలో బీటెక్ చేశారు. చదువయ్యాక చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేశారు. అక్కడ హెచ్ఏసీసీపీ రికార్డులు, ఎగుమతి ఆడిట్లు చూసుకున్నారు. తర్వాత గుజరాత్‌లో సౌరాష్ట్ర వైపు వేరుశనగ ఎగుమతి చేసే సంస్థలో చేరి, అయిదేళ్లలో ల్యాబు ఇన్‌చార్జి స్థాయికి వచ్చారు. సీజన్లో రోజూ పదుల లారీలు దిగే చోట శాంపిల్ తీయడం దగ్గర నుంచి కంటైనర్ సీలు వేసేదాకా చేసిన అనుభవం అది. తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడతారు. గుజరాతీ కూడా వచ్చు కాబట్టి అక్కడి కొనుగోలుదారులతో మన అమ్మకాల వాళ్లకు ఉపయోగపడుతుంది. శెనక్కాయల వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. కాయ చేతిలోకి తీసుకుని ఊపి, లోపల గింజ కదిలే చప్పుడును బట్టి ఎంత ఆరిందో అంచనా కట్టడం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తర్వాతే తేమ మీటరు పెట్టి చూస్తారు. రెండూ సరిపోకపోతే మీటరు చెప్పిందే రాస్తారు.

ఈ పోస్టు ఇప్పుడే ఎందుకన్నది అందరికీ తెలియాలి. మన ప్రాంతంలో వేరుశనగ ఎక్కువగా వానాధారం. జూన్, జూలైలో విత్తితే, కాయ ఊరే చివరి నెలలో వాన ముఖం చాటేయడం మామూలు. నేల ఎండి వేడెక్కినప్పుడు ఆస్పర్జిల్లస్ అనే బూజు భూమిలో ఉండగానే కాయలోకి చేరుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం దాని నుంచే వస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. పంట పీకాక సరిగ్గా ఆరబెట్టకపోతే, తడిసిన గోనెల్లో కుప్పపోస్తే ఇంకా పెరుగుతుంది. పొలంలో జరిగేదాన్ని మనం ఆపలేం. పీకిన దగ్గర నుంచి కంటైనర్ ఎక్కేదాకా జరిగేది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

అంకెలు గుర్తు పెట్టుకోండి. యూరప్‌కు నేరుగా తినడానికి వెళ్లే గింజల్లో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 2 మైక్రోగ్రాములు దాటకూడదు. అక్కడికి వెళ్లాక ఏరి శుద్ధి చేసే సరుకైతే ఆ హద్దులు 15, 8. మన దేశంలో తదుపరి ప్రాసెసింగుకు వెళ్లే గింజలకు 15, నేరుగా తినే వాటికి 10. వ్యాపారంలో మనం పీపీబీ అనేది ఇదే లెక్క. ఒక ఆర్డరుకు పనికొచ్చిన లాటు ఇంకో ఆర్డరుకు పనికిరాకపోవచ్చు. అందుకే "పాస్", "ఫెయిల్" అనే మాటలు ఇక వాడం. "ఏ ఆర్డరుకు?" అన్న ప్రశ్నకు జవాబు ఉంటేనే రిపోర్టు పూర్తయినట్టు.

పర్వీన్ గారు వచ్చీ రాగానే మూడు మార్పులు తెస్తున్నారు. వాటికి మేం ఇప్పటికే ఒప్పుకున్నాం.

అన్నిటికంటే పెద్ద మార్పు శాంపిల్ తీయడంలో. అఫ్లాటాక్సిన్ సరుకంతా సమంగా ఉండదు. వేల గింజల్లో ఒకటి రెండింటికే పట్టి ఉండొచ్చు, ఆ ఒక్క గింజలోనే లాటును తిరస్కరించేంత విషం ఉండొచ్చు. పై వరసలోని నాలుగు సంచులు విప్పి గుప్పెడు గింజలు ల్యాబుకు పంపితే వచ్చే అంకె మీద ఎవరూ నమ్మకం పెట్టుకోలేరు. ఇకపై ఎగుమతి లాటు ఒక్కోదానికి 100 చోట్ల నుంచి 200 గ్రాముల చొప్పున తీసి, మొత్తం 20 కిలోలు కలిపి, అంతా పొడి చేసి, బాగా కలిపాకే పరీక్షకు భాగం తీయాలి. పైన, మధ్యలో, అడుగున, గోడ వైపున, తలుపు వైపున ఉన్న సంచులన్నిటి నుంచీ గొట్టంతో తీయాలి. దీనికి ఇద్దరు మనుషులు, సగం పూట పడుతుంది. డిస్పాచ్ ప్లానులో ఆ సగం పూట ముందే వేసుకోండి. లారీ గేటు దగ్గర నిలబడ్డాక అడిగితే ఎవరూ చేయలేరు.

రెండోది కాయకు నీళ్లు చల్లడం. ఒలిచే మిషన్లో గింజ పగలకుండా ఉండాలని కాయను తడపడం మన వైపు చాలా చోట్ల ఉన్న అలవాటే. బయట కాంట్రాక్టు మీద ఒలిపించేటప్పుడు ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. పగుళ్లు తగ్గుతాయి, నిజమే. కానీ ఆ తడి గింజలోకి దిగి, సంచిలో వేడెక్కి, వారం తిరిగేసరికి బూజు వాసన మొదలవుతుంది. ఇకపై నీళ్లు చల్లిన సరుకు మన గోదాములోకి రాదు. పగుళ్లు తగ్గించడానికి జల్లెడ కన్నాలు, బ్లేడుకు జల్లెడకు మధ్య ఎడం కాయ సైజును బట్టి మార్చుకోవాలి. చిన్న కాయ, పెద్ద కాయ కలిపి ఒకే జల్లెడలో పోస్తే పగుళ్లు తప్పవు. మెయింటెనెన్స్ వాళ్లతో కూర్చుని ఈ సెట్టింగుల పట్టిక తయారుచేయడం ఆమె మొదటి నెల పనుల్లో ఒకటి.

మూడోది తేమ. కాయ 8 శాతం, గింజ 7 శాతం దాటితే గోదాములో పేర్చం. 8 నుంచి 10 మధ్య ఉన్న కాయను కొనుగోలు కేంద్రంలోనే ఆరబెట్టి మళ్లీ కొలవాలి. అంతకు మించితే రైతుకు కారణం చెప్పి వెనక్కి పంపాలి, లేదా ఆరబెట్టే ఖర్చు ముందే మాట్లాడుకోవాలి. ధర తగ్గించి తడి సరుకు తీసుకోవడం ఇక లేదు. రైతు కష్టపడి తెచ్చిన పంట. వెనక్కి పంపేటప్పుడు మీటరు అంకె అతనికే చూపించండి.

ఇక ఎవరు దేనికి ఆమెను కలవాలి.

కొనుగోలు వాళ్లు ప్రతి కొత్త ఊరి సరుకూ మొదటి లారీ కొనే ముందు పర్వీన్ గారికి చెప్పాలి. ఊరు, రకం, విత్తిన నెల, చివరి వాన ఎప్పుడు పడింది అన్నవి చెబితే చాలు. ఎండకు ఎక్కువ గురైన పొలాల సరుకును వేరే లాటుగా పెట్టమని ఆమె అడుగుతారు. మంచి సరుకులో కలిపేశాక మళ్లీ విడదీయలేం కదా.

గోదాము, హమాలీ మేస్త్రీలు ఏ సంచి చిరిగినా, తడిసినా, పురుగు కనిపించినా ఎరుపు ట్యాగు కట్టి పక్కన పెట్టి, ల్యాబుకు ఫోన్ చేయండి. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి "ఇది బాగుందా మేడం?" అని అడగొద్దు. అఫ్లాటాక్సిన్ కంటికి కనిపించదు, ఫొటోలో అసలే కనిపించదు. ఎరుపు ట్యాగు విప్పే అధికారం పర్వీన్ గారికి, ఆమె లేనప్పుడు ల్యాబు సీనియర్‌కు మాత్రమే. ఇంకెవరు చెప్పినా విప్పకండి, అది నేను చెప్పినా సరే.

ప్లాంటులో కలర్ సార్టర్ తీసేసిన గింజలు, చేతితో ఏరిన గింజలు షిఫ్టు చివర తూకం వేసి రాయాలి. ఆ బరువు ఒక్కసారిగా పెరిగితే లాటులో ఏదో ఉందని అదే మొదటి సూచన. ఏరేసిన గింజలు ఏ పరిస్థితిలోనూ తిరిగి మంచి సరుకులోకి గానీ, నూనె మిల్లుకు గానీ ఆమె సంతకం లేకుండా పోకూడదు.

ఎగుమతి విభాగం కొత్త ఆర్డరు ఒప్పుకునే ముందే ఆ దేశం హద్దులు, కౌంటు, తేమ ఆమెతో సరిచూసుకోండి. అపెడా పీనట్.నెట్‌లో లాటు వివరాలు నింపడం మీ పనే. కానీ శాంపిల్, ల్యాబు రిపోర్టు నంబర్లు ఆమె ఇచ్చినవే వేయాలి. బయటి ల్యాబు నుంచి రిపోర్టు చేతికి రాకముందు కంటైనర్ నింపడం మానేస్తున్నాం.

బిల్లులు, తూకం తేడాలు, లారీ బాడుగ, ప్యాకింగ్ మెటీరియల్ ఆర్డర్ల కోసం ఆమె దగ్గరికి వెళ్లొద్దు. అవి ఇప్పుడు చూస్తున్నవాళ్లే చూస్తారు.

ఆమెను కలవడం ఎలాగంటే: కూర్చునేది రాప్తాడు ప్లాంటులో ల్యాబు పక్క గది, ఎక్స్‌టెన్షన్ 214. సరుకు ఆగిపోయిందంటే నేరుగా ఫోన్ చేయండి, అదే షిఫ్టులో నిర్ణయం చెబుతారు. అత్యవసరం కాని ప్రశ్నలు ల్యాబు రిజిస్టరులో రాస్తే మర్నాడు మధ్యాహ్నంలోపు జవాబు వస్తుంది. ప్రతి మంగళవారం సాయంత్రం 4 గంటలకు ల్యాబులో అరగంట మీటింగ్. కొనుగోలు, గోదాము, ప్లాంటు, ఎగుమతి నుంచి ఒక్కొక్కరు తప్పకుండా రావాలి. ఆ వారం ఆగిన లాటులే చర్చ, ఇంకేమీ ఉండదు.

మొదటి వారం ఆమె అన్ని చోట్లకూ వస్తున్నారు. 6, 7 తేదీల్లో ప్లాంటు, 8న కళ్యాణదుర్గం గోదాము, 9న కదిరి, 10న ఉరవకొండ, 11 శనివారం ఉదయం 11 గంటలకు అనంతపురం ఆఫీసు. వచ్చేలోపు గత రెండు సీజన్ల తేమ రిజిస్టర్లు, ఆగిన లాటుల వివరాలు, మందు పెట్టిన తేదీల పుస్తకం తీసి పెట్టండి. చెరిపి రాసినవి ఉన్నా అలాగే ఇవ్వండి, కొత్తగా రాయొద్దు. రిజిస్టరులో ఏముందో చూసి పని మొదలుపెడదామన్నది ఆమె కోరిక. ఎక్కడ ఇబ్బంది వస్తుందో రోజూ చూసే మీరు ఆమెకు చెప్పే మాటలు ఆ రిజిస్టర్లకన్నా విలువైనవి. మొహమాటపడకండి.

కొత్త పంట కాయ ఇప్పటికే కదిరి వైపు దిగడం మొదలైంది. నవంబరులో రద్దీ పెరిగేలోపు కొత్త శాంపిల్ పద్ధతి అన్ని చోట్లా అలవాటు కావాలి. దాని మీద శిక్షణ అక్టోబర్ 14, మంగళవారం ఉదయం 10 గంటలకు రాప్తాడు గోదాములో, నిజమైన లాటు మీదే జరుగుతుంది. శాంపిల్ తీసే ప్రతి ఒక్కరూ రావాలి. కదిరి, ఉరవకొండ, కళ్యాణదుర్గం నుంచి వచ్చేవాళ్లకు బండి ఏర్పాటు హెచ్ఆర్ చూస్తుంది. శనివారంలోపు పేర్లు ఇవ్వండి.

పర్వీన్ గారికి మన అందరి తరఫున స్వాగతం.

జనరల్ మేనేజర్,
అనంతపురం