ఇసుక ఎటు పోతోంది? – 8వ తరగతి సామాన్య శాస్త్ర ప్రాజెక్టు ప్రణాళిక

ఐదు వారాలపాటు సాగే ఈ ప్రాజెక్టుకు మూలప్రశ్న ఇది: విశాఖపట్నం ఆర్కే బీచ్ ఇసుక ఎటు పోతోంది, దాన్ని నిలుపుకోవడానికి మనం ఏం సూచించగలం?

మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక కదలిక ఉత్తర దిశగానే ఎక్కువ. ఔటర్ హార్బర్ అలల అడ్డుగోడలు ఆ ప్రవాహాన్ని అడ్డగించడం వల్ల, పోర్టు తవ్వి తీసిన ఇసుకను బీచ్‌కు చేర్చే ఏర్పాటు ఉంది. ఈ సంగతి ముందే చెప్పేయకుండా, పిల్లలు ఇసుక, నీళ్లతో తీరాన్ని పోలేలా చేసిన ట్రే నమూనాలో తామే గమనించాక చెప్పడం మేలు.

మొదటి వారం ప్రశ్నలు రాసుకుంటారు. రెండో వారం, ఆటు సమయంలో, నీటిలో దిగకుండా బీచ్ వాలు కొలుస్తారు. ఒకే ఎత్తున్న, సెంటీమీటర్ల గీతలున్న రెండు కర్రలను రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి, సముద్రం వైపు కర్ర కొన మీదుగా దిగంతాన్ని చూస్తే, ఆ చూపు ఒడ్డువైపు కర్రను తాకిన గీత పైకొన నుంచి ఎంత దిగువన ఉందో, నేల అంత పల్లమైనట్టు. మూడో వారం ట్రే నమూనా, నాలుగో వారం గ్రాఫులు, ఐదో వారం తల్లిదండ్రుల ముందు ప్రదర్శన.

నలభైమందిని ఎనిమిది జట్లు చేసి, ప్రతి జట్టులో నాయకత్వం, కొలత, నమోదు, సామగ్రి, ప్రదర్శన బాధ్యతలను వారంవారం మార్చాలి. లేకుంటే చక్కని దస్తూరీ ఉన్న అమ్మాయికే ఎప్పుడూ నమోదు పని పడుతుంది. మార్కులలో సగం కొలతల పుస్తకానికే. కొట్టివేతలకు కోత లేదు.