హౌస్‌కీపింగ్ బృందానికి నా కృతజ్ఞతలు

మేనేజర్ గారికి, ఫ్రంట్ ఆఫీసు వాళ్లకు, వంటింట్లో పని ఆపుకొని వచ్చినవాళ్లకు, నా హౌస్‌కీపింగ్ పిల్లలకు నమస్కారం.

ఈరోజుతో ఇక్కడ నా పని అయిపోతుంది. 30 ఏళ్లు ఒకేచోట పనిచేసినావని పొద్దున్నుంచి అందరూ నన్ను మెచ్చుకుంటా ఉన్నారు. ఆ మెచ్చుకోలులో నా వాటా తక్కువే. గదులు నేను చూసినాను, శుభ్రం చేసింది మీరు. పేర్లు చదవడం మొదలుపెడితే ఎవరో ఒకరు తప్పిపోతారు, ఆ పాపం నాకొద్దు. పనిని బట్టి చెప్తాను, ఎవరిది వాళ్లు తీసుకోండి.

ముందు లాండ్రీ వాళ్లు. తిరుపతి హోటల్లో లాండ్రీ అంటే ఇంకో ఊరి లాండ్రీ మాదిరి కాదు. కొండ మీద గుండు చేయించుకుని, తలకు గంధం పూసుకుని వచ్చి పడుకుంటారు. దిండు గలీబు నిండా గంధం, దాంట్లో సన్న సన్న వెంట్రుకలు. తడిపి రుద్దితే గంధం నేతలోకి దిగిపోతుంది. ఆరనిచ్చి, బయట గట్టిగా దులిపి, ఆ తర్వాతే నీళ్లలో వేస్తారు మీరు. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రగా తిరుగుతుంది. కొత్తవాళ్లు అది చూసి బట్ట పాడైపోయిందని హడలిపోతారు. బాగా జాడించి ఎండలో వేస్తే ఆ పసుపు దానంతట అదే తగ్గుతుందని వాళ్లకు ఓపికగా చూపించింది మీరే. లడ్డు నెయ్యికి వేడినీళ్లు, రక్తానికి చన్నీళ్లు. ఇది తారుమారైతే మరక పోదు. మీ దగ్గర తారుమారు కాలేదు.

అంతస్తుల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఏమి చెప్పాలి? తెల్లారక ముందే దర్శనానికి బయల్దేరేవాళ్లు ఖాళీ చేసిన గది, పొద్దున బస్సు దిగినవాళ్లకు సిద్ధంగా ఉండాలి. కిటికీలు తెరిచి, దుప్పట్లు తీసి, బాత్‌రూమ్‌లో మందు చల్లి పది నిమిషాలు నాననిచ్చి, ఆ లోపల పరుపు వేసేస్తారు. దుమ్ము పైనుంచి కిందికి, మాప్ లోపలి మూల నుంచి తలుపు దాకా. దుప్పటిని మంచం మీదే ఒకసారి విడిగా విదిలిస్తారు చూడండి, దానికి నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. అట్లా విదిలించినప్పుడు మెట్టెలు, చెవి కమ్మలు, నల్లపూసల దండలు ఎన్ని బయటపడినాయో దొరికిన వస్తువుల రిజిస్టరే చెప్తుంది. దొరికిన ప్రతిదీ గది నంబరుతో, టైముతో సహా రాసి ఇచ్చినారు. జీతం చూస్తే ఏమంత కాదు, మేనేజర్ గారు పక్కనే ఉన్నారు కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

బాత్‌రూములు కడిగే తమ్ముళ్లూ, మీ పని ఎవరికీ కనబడదు, చెయ్యకపోతే మాత్రం అందరికీ కనబడుతుంది. బోరునీళ్ల ఉప్పు కుళాయిల మీద తెల్లగా పేరుకుంటుంది. దాన్ని ఇనుప పీచుతో గీకకుండా, నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి నాననిచ్చి తీస్తారు. అందుకే మన కుళాయిల మెరుపు ఇంకా పోలేదు. నీళ్లు పోయే జాలీ రోజూ ఎత్తి గుండు వెంట్రుకలు తీయకపోతే మూడో రోజుకు నీళ్లు గదిలోకి వస్తాయి. ఎర్ర గుడ్డ కమోడ్‌కు, పసుపు గుడ్డ వాష్‌బేసిన్‌కు, నీలం గుడ్డ గదికి. ఆ కట్టు తప్పొద్దు. ఇంకొకటి, నేను ఇక్కడినుంచి వెళ్లిపోయినాక కూడా గుర్తుంచుకోండి: యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపొద్దు. కలిస్తే వచ్చే గాలి ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. తొందరలో ఉన్నప్పుడే ఈ పొరపాటు జరుగుతుంది.

బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడసేవ రోజు, మీరు లేకపోతే ఈ హోటల్ లేదు. ఇంట్లో పండగ వదిలేసి వచ్చినారు. మీ అత్తమామలకు, మీ ఆయనలకు, మీ ఇళ్లలో ఎదురుచూసిన పిల్లలకు కూడా నా కృతజ్ఞతలు చెప్పండి.

నా తర్వాత వచ్చే అమ్మాయికి ఒక మాట. మంచానికి మూడు జతల దుప్పట్లు లెక్క: ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అల్మారాలో. ఉత్సవాలకు నాలుగో జత ముందే అడిగి పెట్టుకో, వానపడితే ఆరవు. తప్పు కనబడితే వరండాలో నలుగురి ముందు అనొద్దు, గదిలోకి పిలిచి చూపించు. వీళ్లు ఒకసారి చూపిస్తే చాలు.

మాస్టర్ తాళం, లినెన్ రిజిస్టర్ పొద్దునే అప్పజెప్పినాను. దొరికిన వస్తువుల అల్మారాలో ఒక వెండి కుంకుమభరిణి ఉంది, దాని కోసం నెల్లూరు వాళ్లు శనివారం వస్తామన్నారు, అడిగి సంతకం పెట్టించుకుని ఇవ్వండి.

అందరికీ పేరుపేరునా దండాలు. నైట్ షిఫ్ట్ వాళ్లు ముందు కూర్చోండి, పాయసం వేడిగా ఉంది.