విషయం: 28వ తేదీ శనివారం జరగవలసిన బోర్డు సమావేశం వాయిదా, కొత్త తేదీపై మీ అభిప్రాయం కోరుతూ

నార్పల,
23 జూన్ 2025, సోమవారం.

గౌరవనీయులైన డైరెక్టర్లందరికీ నమస్కారములు.

ఈ నెల 28వ తేదీ, శనివారం ఉదయం 10.30 గంటలకు మన కార్యాలయంలో జరగవలసిన బోర్డు సమావేశాన్ని ఆ రోజు జరపడం లేదని తెలియజేస్తున్నాను. మొన్నటి వానకు మన గ్రామాల్లో చాలాచోట్ల నేల విత్తడానికి పదునుకు వచ్చింది. శనివారం నాటికే ట్రాక్టర్ గొర్రు మాట్లాడుకున్నామని మీలో కొందరు ఫోన్ చేసి చెప్పారు. మనది పది మంది బోర్డు కనుక నలుగురు వస్తే కోరం సరిపోతుంది, సమావేశం జరిపామనిపించుకోవచ్చు. కానీ జిప్సం కొనుగోలు వంటి విషయాన్ని, దాన్ని పొలంలో చల్లే రైతులు చేలో ఉండగా మిగిలినవారం కూర్చుని నిర్ణయించడం నాకు సబబుగా తోచలేదు. అధ్యక్షులవారితో మాట్లాడి, వారి అనుమతితోనే ఈ లేఖ రాస్తున్నాను.

28వ తేదీ కోసం ప్రయాణాలు మానుకున్నవారు, కూలీలను మరో రోజుకు మార్చుకున్నవారు కూడా మీలో ఉన్నారని తెలుసు. వారికి కలిగిన ఇబ్బందికి మన్నించమని కోరుతున్నాను.

కొత్త తేదీకి మూడు అవకాశాలు చూశాను. మొదటిది జూలై 3, గురువారం ఉదయం 10.30 గంటలు. ఆ రోజు బ్యాంకు మేనేజరు గారు కూడా వస్తామన్నారు కనుక స్వల్పకాలిక రుణం సంగతి అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. నా మట్టుకు ఇదే అనుకూలంగా కనిపిస్తోంది, అయితే విత్తనం అప్పటికి ముగియదనుకునేవారు మొహమాటపడకుండా చెప్పండి. రెండవది జూలై 4, శుక్రవారం సాయంత్రం 4 గంటలు. పగటి పని చూసుకుని రావాలనుకునేవారికి ఇది మేలు, కానీ మేనేజరు గారు రాలేరు, సమావేశం ముగిసేసరికి చీకటి పడవచ్చు. ఆ రోజే ఖాయమైతే మన ఇద్దరు మహిళా డైరెక్టర్లను, బస్సు సౌకర్యం లేని గ్రామాలవారిని ఇంటి దగ్గర దింపడానికి కంపెనీ ఖర్చుతో వాహనం ఏర్పాటు చేస్తాను. మూడవది జూలై 10, గురువారం ఉదయం 11 గంటలు. మేనేజరు గారికి ఆ రోజూ వీలవుతుంది, పొలం పనులు కూడా అప్పటికి తెరిపిన పడతాయి.

జూలై 5 నుంచి 7 వరకు తేదీలను కావాలనే వదిలేశాను. 6వ తేదీ ఆదివారం తొలి ఏకాదశి, పీర్ల పండుగ ఒకే రోజు వస్తున్నాయి. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరకు వెళ్లే జనంతో ఆ రోజుల్లో మన దారుల్లో బస్సు దొరకడమే కష్టం, పైగా మనలో సగం మంది అక్కడే ఉంటారు.

జూలై 10 దాటించడానికి మాత్రం వీలు లేదు. ఉత్పత్తిదారుల కంపెనీ బోర్డు మూడు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలని చట్టం చెబుతోంది, మనం గత సమావేశం జరుపుకున్నది ఏప్రిల్ 12న. జిప్సం సంగతికి వస్తే, ఈ వాయిదా వల్ల నష్టమేమీ లేదు. వేరుశనగకు ఎకరాకు 200 కిలోల చొప్పున దాన్ని వేసేది విత్తిన 40–45 రోజులకు, ఊడలు దిగే సమయంలో కనుక, ఇప్పుడు విత్తిన చేలకు ఆగస్టు రెండవ వారం దాకా దాని అవసరం రాదు. జూలై 10న నిర్ణయించినా, సరుకు తెప్పించుకోవడానికి నెల రోజుల గడువు ఉంటుంది.

మీకు వీలయ్యే తేదీలు ఏవో, అసలు వీలుకానిది ఏదో ఈ నెల 25వ తేదీ, బుధవారం మధ్యాహ్నం 3 గంటలలోగా తెలియజేయండి. ఒకటికంటే ఎక్కువ తేదీలు చెబితే అందరికీ కుదిరే రోజును ఎంచడం సులభమవుతుంది. ఫోన్ చేసినా సరే, వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపినా సరే, ఆఫీసులో చెప్పి వెళ్లినా సరే. చేలో ఉండి ఫోన్ ఎత్తలేనివారికి మంగళవారం రాత్రి 8 గంటల తర్వాత నేనే ఫోన్ చేస్తాను. ఎక్కువ మందికి కుదిరిన తేదీని ఖాయం చేసి, బుధవారం సాయంత్రమే అందరికీ రాతపూర్వక నోటీసు అందజేస్తాను. సమావేశానికి కనీసం ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కనుక, జూలై 3 కుదరాలంటే మీ జవాబు ఆలోపే నాకు అందాలి.

ఎజెండాలో మార్పు లేదు. ఇదివరకు పంపిన లెక్కల పత్రాలనే వెంట తీసుకురండి, కొత్తవి పంపడం లేదు. ఖాయమైన రోజున ఎవరైనా రాలేకపోతే తమ అభిప్రాయాన్ని ముందుగా రాసి పంపవచ్చు. అది ఓటుగా లెక్కకు రాదు గానీ, ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు అందరి ముందూ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ముఖ్య కార్యనిర్వహణాధికారి,
రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, నార్పల, అనంతపురం జిల్లా.