గిరీశం పుస్తకం

విజయనగరం గంటస్తంభం దగ్గరి కొట్టులో పుస్తకాల పేర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది పద్మ. పేరు కొడితే చాలు, ఏ అరలో ఉందో చెబుతుంది. మోకాళ్ల నొప్పితో నాన్న ఇంటిపట్టున ఉన్న నెలంతా కొట్టు ఆమెదే.

ఒక సాయంత్రం, వెతికినా దొరకని పేర్ల పట్టీ తీసింది. "గిరీశం" అని 11 సార్లు ఉంది. తెప్పిద్దామని టోకు వర్తకుడికి ఫోను చేస్తే ఆయన పగలబడి నవ్వాడు.

"విజయనగరంలో కూర్చుని నన్ను అడుగుతున్నావా అమ్మా? అది కన్యాశుల్కం!"

వెనక్కి తిరిగి చూసింది. రెండో అరలో ఆరు ప్రతులు, దుమ్ముతో సహా. గురజాడవారి ఇల్లేమో ఇదే ఊళ్లో. ముఖం వేడెక్కింది.

రాత్రి చెబితే నాన్న ఆశ్చర్యపోలేదు.

"గిరీశం అన్నా అదే తీసిచ్చేవాణ్ణి. పేరు ఎప్పుడూ సరిదిద్దలేదు. నలుగురిలో సరిదిద్దితే పాపం, చిన్నబోతారు."

"రేపు ఆ పేరు కూడా చేరుస్తాను నాన్నా."

"మధురవాణి కూడా రాయి. ఆ పేరుతో కావాలనుకునేవాళ్లు పైకి అడగరు. అరల వంక చూస్తూ నిలబడతారు."