పేమెంట్స్ ప్లాట్‌ఫామ్ లీడ్ రోల్: ఇప్పటికి కుదరదు, ఏప్రిల్‌లో మాట్లాడదాం

మాధవి గారూ, నమస్తే.

సోమవారం ఫోన్‌లో అంత ఓపిగ్గా వివరించినందుకు, వెంటనే జేడీ పంపినందుకు చాలా థాంక్స్. అంతా చదివాను. ఈ రోల్‌కి నేను రాలేనండీ. శుక్రవారం క్లయింటుకి షార్ట్‌లిస్ట్ పంపాలన్నారు కదా, మీ పని ఆగకూడదని ఈరోజే చెప్పేస్తున్నాను.

జీతం దగ్గర పేచీ ఏమీ లేదు, మీరు చెప్పిన ఫిక్స్‌డ్ బాగానే ఉంది. ఇక్కడ ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి డేటాబేస్ మార్చే పని నా చేతుల్లో ఉంది. ప్రస్తుతం ప్రతి లావాదేవీనీ రెండు డేటాబేసుల్లోనూ రాస్తూ, రాత్రిపూట లెక్కలు సరిచూసుకుంటున్నాం. పూర్తిగా పోస్ట్‌గ్రెస్‌కి మారే కటోవర్ ఫిబ్రవరి మధ్యలో. నాది 90 రోజుల నోటీసు. ఈ నవంబర్లో రిజైన్ చేస్తే సరిగ్గా ఆ వారమే నా ఆఖరి రోజు అవుతుంది. క్లయింటు నోటీసు బైఅవుట్ ఇచ్చినా ఇంకా ముందే వెళ్లాలి. టీమ్‌ని అలా మధ్యలో వదిలి రాలేను.

ఒక చిన్న రిక్వెస్ట్. నా రెజ్యూమె క్లయింటు పోర్టల్‌లో ఎక్కించకండి. ఒకసారి ఎక్కితే, రేపు మీరే ఇంకో రోల్‌కి పంపినా డూప్లికేట్ అని తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

జేడీ గురించి కూడా ఒక మాట. ఎనిమిది మంది టీమ్‌ని చూసుకోవడం, సొంతంగా కోడ్ రాయడం, ఆన్‌కాల్ మూడూ ఒకరికే పెట్టారు. 12 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువగా వెనకాడేది ఆన్‌కాల్ దగ్గరే. రొటేషన్‌లో ఎంతమంది ఉంటారు, అర్ధరాత్రి అలర్ట్‌లు నెలకి ఎన్ని వస్తాయి అన్నది క్లయింటుని అడిగి మొదటి కాల్‌లోనే చెప్పండి. రెండు రౌండ్లు అయ్యాక తప్పుకునేవాళ్లు తగ్గుతారు.

నాతో ఇదివరకు పనిచేసిన ఒకతను దీనికి బాగా సరిపోతాడు. యూపీఐ సెటిల్‌మెంట్, రీకన్సిలియేషన్‌లో ఆరేళ్లు చేశాడు, ఇప్పుడు నోటీసులో ఉన్నాడు, డిసెంబరు ఆఖరుకి ఖాళీ అవుతాడు. అతన్ని అడిగే మీ నంబరు ఇచ్చాను. రేపు ఫోన్ చేస్తానన్నాడు.

కటోవర్ అయ్యాక నెలన్నర కుదురుకోనిచ్చి, ఏప్రిల్ రెండో వారంలో నేనే మీకు ఫోన్ చేస్తాను. మార్చి జీతంతో బోనస్ కూడా వచ్చేస్తుంది కాబట్టి దాన్ని భర్తీ చేయమని కొత్త కంపెనీని అడగక్కర్లేదు. అప్పుడు మొదలుపెడితే ఆగస్టుకి చేరగలను. ఈలోపు డేటాబేస్ లేదా ప్లాట్‌ఫామ్ పని, సగం సమయమైనా కోడింగ్ ఉండేది, హైదరాబాద్‌లోనే, వారానికి మూడు రోజులు ఆఫీసు అన్నది కనిపిస్తే నా పేరు గుర్తుపెట్టుకోండి. మా అమ్మాయి వచ్చే ఏడాది పదో తరగతి, అందుకని బెంగళూరు, పుణె వద్దు.

పోయినసారి సెలెక్ట్ కాలేదన్న సంగతి మీరే ఫోన్ చేసి, ఎక్కడ తగ్గిందో కూడా చెప్పారు. అలా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఏ మార్పు అనుకున్నా ముందు మీకే చెప్పాలనుకుంటాను. ఈ రోల్ గురించి ఇంకేమైనా అడగాలంటే రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చేయండి, లేదా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి.

ఉంటానండీ,
శ్రీకాంత్